మోటారు పుల్లీ చిన్నది వేస్తే బెల్టు జారుతోంది. వేగం తగ్గించాక బెల్టుకు సుఖం ఉండాలి కదా?

పెద్దగిర్నీ
మాది పిండి గిర్నీ. 10 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంది. ఇన్నాళ్లూ మోటారు మీద 6 అంగుళాల పుల్లీ, రాయి షాఫ్టు మీద 15 అంగుళాల పుల్లీ, మధ్యలో నాలుగు ప్లైల కాన్వాస్ బెల్టు. గోధుమపిండి బాగా వేడిగా దిగుతోందని, సంచిలో పోస్తే చెమ్మ పడుతోందని గిరాకీలు గొడవ. రాయి నెమ్మదిగా తిరిగితే వేడి తగ్గుతుందని ఎవరో చెప్తే మోటారు మీద 6 తీసేసి 4 అంగుళాల పుల్లీ వేయించాను. వదులైన బెల్టు కోసం మోటారును పట్టాల మీద ఒకటిన్నర అంగుళం వెనక్కి జరిపాను.

అప్పటి నుంచి గింజ పడగానే బెల్టు కీచుమంటోంది. పది నిమిషాలకు రబ్బరు కాలిన వాసన. బెల్టు లోపలి వైపు అద్దంలా నున్నగా అయిపోయింది. ఇంకా బిగించాను, ఇప్పుడు మోటారు బేరింగు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. వేగం తగ్గించాను, మోటారు అదే, రాయి అదే. పాత వేగంలో రెండేళ్లు నోరెత్తని బెల్టు ఇప్పుడెందుకు జారుతోంది?

ముప్పైఏళ్ల_ఫిట్టర్
పుల్లీ చిన్నదైతే దాన్ని బెల్టు చుట్టుకునే భాగం తగ్గుతుంది. పట్టు పోతుంది. అదే నీ రోగం. రోజన్ పొడి కాస్త చల్లు, వదులు వైపు ఒక బిగింపు పుల్లీ పెట్టు, సర్దుకుంటుంది. నా చేతి మీద ఇలాంటివి ఎన్నో చూశాను.

చెరుకురసం_బండి
మా బండికీ ఇదే సమస్య వచ్చిందన్నా. వాన పడితే చాలు బెల్టు జారేది. పైన రేకు కప్పాను, పోయింది. నీ గిర్నీలో కప్పు కారుతోందేమో చూడు.

పెద్దగిర్నీ
స్లాబు వేసిన గది తమ్ముడూ, చుక్క నీళ్లు రావు. పిండి దుమ్ము మాత్రం ఎప్పుడూ ఉండేదే.

షాఫ్ట్_కీ
ఫిట్టర్ గారు చెప్పింది తప్పు కాదు, కానీ అది చిన్న ముక్క. అసలు కారణం ఇంకోటి అనిపిస్తోంది. చెప్పే ముందు మూడు సంగతులు కావాలి. రెండు షాఫ్టుల మధ్య దూరం ఎంత? గింజ పడుతున్నప్పుడు అమ్మీటర్ ఎంత చూపిస్తోంది, పాత పుల్లీ ఉన్నప్పుడు ఎంత చూపించేది? తొట్టి గేటు అప్పటిలాగే తెరుస్తున్నారా, లేక ఎక్కువా?

పెద్దగిర్నీ
పాత పుల్లీ ఉన్నప్పుడు షాఫ్టు నుంచి షాఫ్టుకు మూడడుగులకు కాస్త తక్కువ, టేపు పెడితే 900 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ ఒకటిన్నర అంగుళం కలిపితే 936, 938 ఉంటుంది. అమ్మీటర్ అప్పుడూ 14, ఇప్పుడూ 14. గేటు మాత్రం ఇప్పుడు ఎక్కువ తెరుస్తున్నాను. రాయి నెమ్మదించింది కదా, పిండి తక్కువ పడుతుంది. బయట క్యూ ఉంటే ఏం చేస్తాను?

షాఫ్ట్_కీ
సరిగ్గా అదే అడుగుదామనుకున్నాను. ఇప్పుడు లెక్క చూద్దాం.

ముందు వేగం. బెల్టు జారకపోతే రెండు పుల్లీల అంచుల దగ్గరా బెల్టు ఒకే వేగంతో పోవాలి. అందుకే పెద్ద పుల్లీ నెమ్మదిగా, చిన్న పుల్లీ జోరుగా తిరుగుతాయి. పాత లెక్కలో రాయి వేగం 1440 × 6 / 15 = 576. ఇప్పుడు 1440 × 4 / 15 = 384. ఇక్కడిదాకా మీరు అనుకున్నదే జరిగింది.

ఇప్పుడు బెల్టు వేగం చూడండి. మోటారు సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. 6 అంగుళాల పుల్లీ అంటే సుమారు 150 మిల్లీమీటర్లు, దాని చుట్టుకొలత 0.47 మీటర్లు. సెకనుకు 11.3 మీటర్ల బెల్టు పోతుంది. 4 అంగుళాల పుల్లీ అయితే 7.5 మీటర్లే.

బెల్టు ఒక వైపు గట్టిగా లాగి ఉంటుంది, రెండో వైపు కాస్త వదులుగా ఉంటుంది. పని చేసేది ఆ రెండింటి మధ్య తేడానే. ఆ తేడాను బెల్టు వేగంతో గుణిస్తే పవర్ వస్తుంది:

P = (T1 − T2) × v

14 ఆంపియర్లంటే మీ మోటారు పూర్తి లోడులో ఉన్నట్టే, షాఫ్టు మీద దాదాపు 7,500 వాట్లు. పాత పుల్లీతో 7500 / 11.3 = 663 న్యూటన్లు, కిలోల్లో చెప్పాలంటే 67 కిలోల తేడా. కొత్త పుల్లీతో 7500 / 7.54 = 995, అంటే 101 కిలోల తేడా.

మీరు బెల్టు వేగాన్ని మూడో వంతు తగ్గించి, అదే పవర్ మోయమన్నారు. వేగంలో తగ్గిందంతా లాగుడులో పూడ్చుకోవాలి కాబట్టి బెల్టు అప్పటికంటే ఒకటిన్నర రెట్లు లాగాల్సి వస్తోంది. అది చేతకాక జారుతోంది.

పెద్దగిర్నీ
నెమ్మదిగా నడిపితే బరువు పెరుగుతుందా! నేను పూర్తిగా తిరగేసి ఆలోచించాను.

డిప్లొమా_మెకానికల్
షాఫ్ట్_కీ సార్, నాకు ఒక అనుమానం. రాయి నెమ్మదించినప్పుడు పవర్ కూడా తగ్గాలి కదా? రాయికి కావాల్సిన టార్క్ అంతే ఉంటే, దాని మీద పుల్లీ కూడా అదే 15 అంగుళాలు కాబట్టి, T1 − T2 మారకూడదు. టార్క్ అంటే తేడా × పుల్లీ వ్యాసార్థం. మీరు పవర్ ఒకటే అని పట్టుకుని లెక్క వేశారు.

షాఫ్ట్_కీ
మంచి ప్రశ్న బాబూ, అందుకే ముందు అమ్మీటర్, గేటు అడిగాను. ఒక్కో చుట్టుకు పడే గింజ మారకపోతే నువ్వన్నదే నిజం. రాయికి అదే టార్క్, బెల్టులో అదే 67 కిలోల తేడా, పవర్ మూడింట రెండు వంతులకు, అంటే 5,000 వాట్లకు దిగుతుంది. 5000 ను 7.54 తో భాగించి చూడు, మళ్లీ 663 వస్తుంది. అమ్మీటర్ 14 నుంచి 10 చుట్టుపక్కలకు రావాలి.

ఈయన అమ్మీటర్ దిగలేదు, 14 దగ్గరే ఉంది. కారణం ఆయనే చెప్పారు, గేటు ఎక్కువ తెరిచారు. గంటకు అదే పిండి రావాలని ఒక్కో చుట్టుకు ఒకటిన్నర రెట్లు గింజ మేపుతున్నారు. రాయి షాఫ్టు మీద టార్క్ 124 న్యూటన్ మీటర్ల నుంచి 187 కి పోయింది. నువ్వు టార్క్ వైపు నుంచి వచ్చినా, నేను పవర్ వైపు నుంచి వచ్చినా చేరేది 101 కిలోల దగ్గరికే.

పెద్దగిర్నీ గారూ, దీన్ని ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. అమ్మీటర్ 10 చూపించేదాకా గేటు మూయండి. బెల్టు అరుపు ఆగిందంటే నా లెక్క సరే. ఆగలేదంటే వేరే కారణం వెతుకుదాం.

ముప్పైఏళ్ల_ఫిట్టర్
చుట్టుకునే భాగం తగ్గితే పట్టు తగ్గదంటారా? పుస్తకంలో కూడా అదే ఉంటుంది.

షాఫ్ట్_కీ
తగ్గుతుంది అన్నా, ఎంత తగ్గిందన్నదే ప్రశ్న. షాఫ్టుల మధ్య 900 ఉన్నప్పుడు 6 అంగుళాల పుల్లీని బెల్టు 165.6 డిగ్రీలు చుట్టేది. ఇప్పుడు 4 అంగుళాల పుల్లీని, దూరం కాస్త పెరిగింది కాబట్టి, 163 డిగ్రీలు చుడుతోంది. పోయింది రెండున్నర డిగ్రీలు. దూరం ఇంత ఉన్నప్పుడు పుల్లీలో రెండు అంగుళాల తేడా కోణాన్ని పెద్దగా కదిలించదు. షాఫ్టులు రెండడుగుల లోపు దగ్గరగా ఉండి, ఒక పుల్లీ మరీ పెద్దదైతే మీ మాటే ముందు చెప్పేవాణ్ణి.

జారకుండా గట్టి వైపు, వదులు వైపు నిష్పత్తి ఎంతదాకా పోవచ్చో చెప్పే లెక్క ఇది:

T1 / T2 = e^(μθ)

ఇందులో μ అంటే రాపిడి, θ అంటే బెల్టు చుట్టుకునే కోణం, రేడియన్లలో. బెల్టుకు, ఇనుప పుల్లీకి రాపిడి 0.3 అనుకుంటే పాతదానికి 2.38, కొత్తదానికి 2.35. దాదాపు ఒకటే. అంటే గట్టి వైపు లాగుడు వదులు వైపు లాగుడుకు రెండుంపావు రెట్లు దాటి ఇంకాస్త పోగానే బెల్టు జారడం మొదలవుతుంది, పుల్లీ మారినా ఆ హద్దు మారలేదు. కానీ తేడా 67 నుంచి 101 కి పెరిగింది. నిష్పత్తి అంతే ఉండి తేడా పెరగాలంటే రెండు వైపులా లాగుడు పెరగాలి. పాతదానికి గట్టి వైపు 116, వదులు వైపు 49 కిలోలు చాలేవి. కొత్తదానికి 176, 75 కావాలి.

మోటారు షాఫ్టును పక్కకు గుంజేది ఈ రెండింటి మొత్తం. అప్పుడు 165 కిలోలు, ఇప్పుడు 251. బేరింగు ఎందుకు కాలుతోందో ఇప్పుడు తెలిసిందిగా. బెల్టు బిగించడం పనిచేయదని కాదు, పనిచేస్తుంది, కానీ దాని బిల్లు బేరింగు కడుతుంది.

లేత్‌షాపు
బేరింగు సంగతి నేను చెప్తాను. మా దగ్గరికి వచ్చే మోటార్లలో పుల్లీ వైపు బేరింగు పోయినవే ఎక్కువ. చిన్న పుల్లీ వేసి, బెల్టు తీగలా బిగించి నడిపినవాళ్లే తెస్తారు. ఇంకో మాట, పుల్లీని షాఫ్టు చివర దాకా లాగి బిగిస్తే ఆ గుంజుడు ఇంకా ఎక్కువవుతుంది. మోటారు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అన్నా, నీ కొత్త పుల్లీ ఎక్కడ కూర్చుంది?

పెద్దగిర్నీ
చివరనే ఉంది. కొత్తదాని బాసు పొడవు తక్కువ, రాయి పుల్లీకి వరసలో రావాలని చివరకు లాగారు.

లేత్‌షాపు
అయితే మోటారునే పక్కకు జరిపి వరస కలపాలి, పుల్లీని లాగకూడదు. ఒక దారం తీసుకో, రెండు పుల్లీల అంచులకు ఆనించి లాగు. నాలుగు చోట్లా తగిలితే వరస సరిగ్గా ఉన్నట్టు.

చెరుకురసం_బండి
మరి రోజన్ పొడి సంగతి? మా వాళ్లు కూడా చల్లుతారు.

షాఫ్ట్_కీ
రోజన్ చల్లితే కాసేపు రాపిడి పెరుగుతుంది, అరుపు ఆగుతుంది. తర్వాత దాని మీద పిండి దుమ్ము పడి అట్టలా గట్టిపడుతుంది, మునుపటికంటే ఎక్కువ జారుతుంది. గిర్నీలో దుమ్ముకు కొదవ లేదు కదా. ఈయన బెల్టు ఇప్పటికే నున్నగా మెరుస్తోంది, అంటే పైపొర కాలింది. ఆ మెరుపు ఉన్నంతసేపు 0.3 కూడా ఉండదు, నేను వేసిన లెక్క కంటే పట్టు తక్కువే ఉంటుంది.

ముప్పైఏళ్ల_ఫిట్టర్
రోజన్ విషయం ఒప్పుకుంటున్నా, దుమ్ము ఉన్నచోట నేనూ వేయను. కానీ బిగింపు పుల్లీ మంచిదే. వదులు వైపు బయటి నుంచి నొక్కితే చుట్టు కూడా పెరుగుతుంది.

షాఫ్ట్_కీ
అవును, వదులు వైపు, మోటారు పుల్లీకి దగ్గరగా పెడితే చుట్టు 180 దాటించవచ్చు. అప్పుడు తక్కువ బిగువుతో నడుస్తుంది. గట్టి వైపు మాత్రం పెట్టకండి. ఏది గట్టి వైపో తెలియకపోతే నడుస్తున్నప్పుడు దూరం నుంచి చూడండి. బెల్టు ఏ వైపున మోటారు పుల్లీలోకి వస్తోందో అది గట్టి వైపు, మోటారు నుంచి బయటికి పోయేది వదులు వైపు.

పెద్దగిర్నీ
మాకు కింది వైపు మోటారు నుంచి రాయి దగ్గరికి పోతోంది, పై వైపు మోటారులోకి వస్తోంది. అంటే వదులు కింద ఉంది. పైన వదులు ఉంటే దాని బరువుకు కుంగి పుల్లీని ఇంకాస్త చుట్టుకుంటుందని విన్నాను. రెండు ఫేజులు మార్చి మోటారును తిరగేస్తే?

తిరగలి_అత్త
ఆ పని మాత్రం చేయకు నాయనా. రాయికి కొట్టిన గాళ్లు ఒక వైపు తిరగడానికే కొడతారు. తిరగేస్తే గింజ బయటికి రాక లోపలే నలుగుతుంది, పిండి ఇంకా కాలుతుంది.

నాకు మీ పుల్లీల లెక్కలు పూర్తిగా అర్థం కాలేదు కానీ ఒక మాట అడుగుతాను. రాయికి కక్కు కొట్టించి ఎన్నాళ్లయింది? మా ఆయన పోయాక పదకొండేళ్లు గిర్నీ నేనే నడిపాను. పిండి కాలుతోందంటే మొదట రాయి ఎత్తి చూసేదాన్ని. రాయి మొండిబారితే కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి రాక ఏం వస్తుంది? దానికి పుల్లీ మార్చడం ఎందుకు?

పెద్దగిర్నీ
అత్తా, దసరా ముందు కొట్టించాను. ఆరు నెలలు దాటింది.

తిరగలి_అత్త
రోజంతా నడిచే గిర్నీకి ఆరు నెలలు చాలా ఎక్కువ.

వైండింగ్_వర్క్స్
వేగం తగ్గించాలంటే పుల్లీ ఎందుకు మార్చాలి? 960 ఆర్‌పీఎం మోటారు వేసుకో, ఆరు పోల్‌ది. పాత 6 అంగుళాల పుల్లీనే పెట్టుకో. 960 × 6 / 15 అంటే అదే 384. పెద్ద పుల్లీ కాబట్టి బెల్టు జారదు. నా దగ్గర ఒక పాత మోటారు ఉంది కూడా.

డిప్లొమా_మెకానికల్
ఇది బాగుంది కదా సార్? చుట్టు కూడా 165 కి వచ్చేస్తుంది.

షాఫ్ట్_కీ
చూడ్డానికి బాగుంది, లెక్క వేస్తే ఏమీ మారదు. ఆ మోటారు సెకనుకు 16 చుట్లు తిరుగుతుంది. 16 × 0.47 అంటే బెల్టు వేగం 7.54. ఇప్పుడున్నంతే. తేడా మళ్లీ 101 కిలోలే.

మనం ఇప్పటిదాకా మోటారు పుల్లీనే చూస్తున్నాం. ఒకసారి రాయి వైపు నిలబడి చూడండి. అక్కడ 15 అంగుళాల పుల్లీ ఉంది, అది నిమిషానికి 384 చుట్లు తిరగాలి. బెల్టు దాని అంచు మీదుగానే పోవాలి కాబట్టి బెల్టు వేగం అక్కడే ఖాయమైపోయింది. మోటారు వైపు ఏ మోటారు పెట్టండి, ఏ పుల్లీ పెట్టండి, రాయి వేగం 384 అయినంతకాలం బెల్టు 7.5 మీటర్లే పోతుంది. పవర్ అంతే ఉన్నంతకాలం తేడా 101 కిలోలే ఉంటుంది. ఆరు పోల్ మోటారుతో రెండున్నర డిగ్రీల చుట్టు దక్కుతుంది, బెల్టు వంగే ఒంపు తగ్గి ఎక్కువ కాలం మన్నుతుంది. అంతవరకు లాభం ఉంది. ఈ జారుడు మాత్రం తీరదు.

తేడా తగ్గాలంటే రాయి పుల్లీ పెద్దది కావాలి. మోటారు మీద పాత 6 అంగుళాలదే పెట్టి రాయి మీద 22 అంగుళాలది వేయండి. వేగం 384 కు కాస్త ఎక్కువ, 392 వస్తుంది. బెల్టు పాతలాగే 11.3 మీటర్లు పోతుంది, తేడా 67 కిలోలకు దిగుతుంది. ఇక్కడ మాత్రం ఫిట్టర్ గారి మాట పట్టించుకోవాలి, చుట్టు 154 డిగ్రీలకు పడుతుంది. అయినా మొత్తం గుంజుడు 176 కిలోల దగ్గర ఉంటుంది, 251 ఉండదు.

వైండింగ్_వర్క్స్
ఒప్పుకుంటున్నాను. రాయి వైపు నుంచి ఆలోచించలేదు.

లేత్‌షాపు
22 అంగుళాల పోత పుల్లీ అంటే బాగా బరువు, రాయి షాఫ్టు బేరింగులకు ఆ బరువు కూడా పడుతుంది. ముందు నీ షాఫ్టు కింద నేలకు ఎంత జాగా ఉందో కొలువు. సగం 11 అంగుళాలు, బెల్టు, వేళ్లు తగలకుండా చుట్టూ జాలీ, ఇవన్నీ పట్టాలి. పాత సామాను దుకాణాల్లో 20 అంగుళాలవి దొరుకుతాయి, 22 కోసం పోత పోయించాలి.

చెరుకురసం_బండి
వీ బెల్టు వేస్తే గొడవే ఉండదు కదా అన్నా? మా బండికి అదే.

షాఫ్ట్_కీ
వీ బెల్టు గాడిలోకి దిగబడి పక్కల మీద పట్టుకుంటుంది కాబట్టి అదే బిగువుకు పట్టు చాలా ఎక్కువ. వదులు వైపు అంత లాగి ఉంచక్కర్లేదు, బేరింగుకు హాయి. కానీ తేడా 101 కిలోలు అక్కడా ఉంటుంది, దాన్ని ఒక బెల్టు మోయలేదు, రెండు మూడు కావాలి. పైగా బీ సైజు బెల్టును 4 అంగుళాల పుల్లీ మీద తిప్పితే ఒంపు ఎక్కువై తొందరగా పగులుతుంది, 5 అంగుళాలకు తగ్గకూడదు. రెండు పుల్లీలూ గాళ్లతో కొత్తవి చేయించాలి. డబ్బు పెట్టగలిగితే మంచి దారే.

పెద్దగిర్నీ
పొద్దున పరీక్ష చేశాను. గేటు మూస్తూ అమ్మీటర్ 10 కి తెచ్చాను. అరుపు ఆగింది! మెల్లగా తెరుస్తూ పోతే 12 దగ్గర చిన్నగా మొదలైంది, 13 దాటాక పూర్తిగా కీచుమంది. నాలుగుసార్లు చేశాను, ప్రతిసారీ అక్కడే.

ఎలక్ట్రీషియన్ దగ్గర టాకోమీటర్ తెచ్చి రాయి షాఫ్టు మీద పెట్టాను. గింజ లేకుండా 409 చూపించింది. 14 ఆంపియర్ల దగ్గర 362. ఒకటి అర్థం కాలేదు, లెక్క 384 అన్నారు కదా, 409 ఎలా వచ్చింది? జారితే తగ్గాలి గానీ ఎక్కువ తిరుగుతుందా?

డిప్లొమా_మెకానికల్
ఇది నేను చెప్తాను. 1440 అనేది పూర్తి లోడులో మోటారు వేగం. గింజ లేనప్పుడు మోటారు 1500 కు దగ్గరగా, 1490 అలా తిరుగుతుంది. 1490 × 4 / 15 = 397. ఇంకా 12 మిగిలాయి, అవి ఎక్కడివో నాకు తెలియలేదు.

షాఫ్ట్_కీ
బెల్టు మందం. నాలుగు ప్లైలంటే 6 మిల్లీమీటర్లు ఉంటుంది. బెల్టు సాగకుండా తిరిగేది దాని మధ్య పొర దగ్గర, కాబట్టి ప్రతి పుల్లీ వ్యాసానికి ఒక మందం కలపాలి. 100 కి 6 కలిపితే 106, 375 కి కలిపితే 381. చిన్న పుల్లీకి ఆ 6 ఎక్కువ లెక్క, పెద్దదానికి తక్కువ లెక్క, అందుకే రాయి అనుకున్నదానికంటే జోరుగా తిరుగుతుంది. 1490 × 106 / 381 అంటే 414. మీకు 409 వచ్చింది. ఆ ఒక శాతం తగ్గుదల బెల్టు సాగి ముడుచుకోవడం వల్ల కావచ్చు, బెల్టు లోడు మోసినప్పుడల్లా అది కొంత ఉంటుంది, దాన్ని జారుడు అనకూడదు. మందం కలిపితే నేను ముందు చెప్పిన కిలోలు కూడా నాలుగు నుంచి ఆరు శాతం తగ్గుతాయి, పాతకూ కొత్తకూ పోలిక మాత్రం పెద్దగా మారదు.

ఇప్పుడు 14 ఆంపియర్ల దగ్గర చూడండి. 1440 × 106 / 381 = 400 రావాలి, వచ్చింది 362. తొమ్మిదిన్నర శాతం పోయింది. మోటారు ఇచ్చే 7,500 వాట్లలో దాదాపు 700 వాట్లు మోటారు పుల్లీ మీదే వేడిగా మారుతున్నాయి. ఇస్త్రీ పెట్టెను బెల్టుకు ఆనించి ఉంచినట్టు. వాసన అక్కడి నుంచే. ఆ వేడి షాఫ్టు గుండా బేరింగుకు కూడా పోతుంది.

ముప్పైఏళ్ల_ఫిట్టర్
టాకోమీటర్‌తో ఇలా పట్టుకోవచ్చని తెలియదు. మేం చెవితోనే పట్టేవాళ్లం. చెవికి వినబడేసరికి బెల్టు సగం పోయి ఉండేది.

పెద్దగిర్నీ
మరి నాలుగు ప్లైలకు బదులు ఆరు ప్లైల బెల్టు వేస్తే?

లేత్‌షాపు
ఆరు ప్లైలు 4 అంగుళాల పుల్లీ మీద వంగవు అన్నా, అట్టలా నిలబడతాయి. అప్పుడు పుల్లీని సరిగా తాకదు కూడా. మందం కంటే వెడల్పు పెంచడం మేలు, దానికి పుల్లీ ముఖం వెడల్పు ఉండాలి.

షాఫ్ట్_కీ
ఇంకో మాట. మందమైనా వెడల్పైనా తెగకుండా మోసే శక్తిని పెంచుతాయి. జారుడు హద్దులో ఉన్నది రాపిడి, చుట్టుకునే కోణం మాత్రమే. వెడల్పు పెంచితే అదే బిగువు ఎక్కువ జాగా మీద పరుచుకుంటుంది, బెల్టుకు అలసట తగ్గుతుంది, అంతవరకే.

డిప్లొమా_మెకానికల్
వెడల్పు పెంచితే పట్టు పెరగదా సార్? తాకే జాగా పెరిగింది కదా?

షాఫ్ట్_కీ
లెక్క ప్రకారం పెరగదు. కాన్వాస్, రబ్బరు లాంటివాటిలో రాపిడి ఒత్తిడిని బట్టి కొంచెం మారుతుంది కాబట్టి వాస్తవంలో కాస్త తేడా ఉండవచ్చు. దాన్ని నమ్ముకుని డిజైన్ చేయను.

పెద్దగిర్నీ
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. పాత సామాను దుకాణంలో 20 అంగుళాల పుల్లీ దొరికింది, లేత్ దగ్గర బోరు సరిచేయించాను. మోటారు మీద పాత 6 అంగుళాలది, ఈసారి షాఫ్టు భుజం దాకా లోపలికి కూర్చోబెట్టాను, మోటారును పక్కకు జరిపి దారంతో వరస చూశాను. పెద్ద పుల్లీకి పాత బెల్టు తొమ్మిది అంగుళాలు చాలలేదు. ఎలాగూ కాలింది కాబట్టి కొత్తదే వేశాను.

14 ఆంపియర్ల దగ్గర రాయి 431 తిరుగుతోంది. మందం కలిపి నేనే లెక్క వేశాను, 444 చుట్టూ రావాలి. మూడు శాతం తక్కువ. చప్పుడు లేదు, బెల్టు అంతకుముందు కంటే వదులుగానే ఉంది, రెండు గంటలు నడిపాక మోటారు బేరింగు మీద చెయ్యి పెట్టి ఉంచగలిగాను.

లేత్‌షాపు
కొత్త బెల్టు వారం పది రోజుల్లో సాగుతుంది. ఒకసారి మళ్లీ బిగించు, మర్చిపోకు.

షాఫ్ట్_కీ
మూడు శాతం బాగుంది. బిగించిన రోజు కూడా టాకోమీటర్ పెట్టి చూడండి. తగ్గుదల మూడు శాతం దాటకపోతే ఇంకా బిగించాల్సిన పని లేదు.

తిరగలి_అత్త
అదంతా సరే, పిండి చల్లగా దిగుతోందా?

పెద్దగిర్నీ
576 అప్పటికంటే కొంచెం నయం అత్తా. పూర్తిగా చల్లగా లేదు. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. ఇది వేగం వల్లో, గేటు ఎక్కువ తెరవడం వల్లో, రాయి వల్లో నాకు తేలలేదు.

షాఫ్ట్_కీ
రాయి సంగతి నాకు తెలియదు. కానీ ఒకటి చెప్పగలను. 14 ఆంపియర్లు లాగినంతకాలం ఆ 7,500 వాట్లలో ఎక్కువ భాగం చివరికి పిండిలోనే వేడిగా చేరుతుంది. గంటకు పడే పిండి అంతే ఉంటే, వేగం తగ్గించినంత మాత్రాన కిలో పిండికి చేరే వేడి పెద్దగా తగ్గదు. అదే పిండిని తక్కువ ఆంపియర్లతో విసరగలిగితేనే తగ్గుతుంది.

తిరగలి_అత్త
నేను చెప్పిందీ అదే కదా నాయనా. పదునైన రాయి తక్కువ కరెంటుతో కోస్తుంది. ఆదివారం గిర్నీ ఆపి రాయి ఎత్తించు. కక్కు కొట్టించాక అదే గోధుమ, అదే గేటుతో మీ అమ్మీటర్ ఎంత చూపిస్తుందో ఇక్కడ రాయి.

పెద్దగిర్నీ
ఆదివారం మనిషిని పిలిచాను. సోమవారం ఆంపియర్లు రాస్తాను.